రెండు జాతులు ఒకే వనరు కోసం పోటీ పడితే ఏది గెలుస్తుంది? R* కొలిచి ముందే చెప్పే పద్ధతి

ఎమ్మెస్సీ ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో నాకు తరచూ ఒకే ప్రశ్న వస్తుంది. "రెండు జాతుల గ్రోత్ డేటా ఉంది సార్, వేగంగా పెరిగేదే గెలుస్తుందని రాశాను. కలిపి పెంచితే రెండోది గెలిచింది. ఎక్కడ తప్పు చేశాను?" కొలతలు చాలాసార్లు సరిగానే ఉంటాయి, పోల్చాల్సిన అంకె మాత్రం వేరే ఉంటుంది. ఆ అంకెను ఎలా తీయాలో, దాన్ని పట్టుకుని ఫలితాన్ని ఎలా చెప్పాలో, చెప్పింది నిజమో కాదో ఎలా సరిచూసుకోవాలో వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఈ పనికి కావాల్సినంత వరకే చెప్తాను. ఒక జాతి ఒంటరిగా పెరుగుతూ వనరును తినేస్తూ పోతుంది. వనరు తగ్గేకొద్దీ దాని పెరుగుదల కూడా తగ్గుతుంది. పెరిగేదీ పోయేదీ సరిసమానమైన చోట జనాభా నిలిచిపోతుంది. అప్పుడు నీటిలో మిగిలిన వనరు స్థాయినే R* అంటారు, ఆర్ స్టార్ అని చదువుతాం. ఆ జాతి బతికి ఉండటానికి కావాల్సిన కనీస స్థాయి అది. R* తక్కువ ఉన్న జాతి వనరును ఎంత కిందికి లాగుతుందంటే, అక్కడ రెండో జాతికి పోయే కణాలకు సరిపడా కొత్త కణాలు పుట్టవు. అందుకే R* తక్కువ ఉన్నదే గెలుస్తుంది. 1970ల చివర నుంచి డేవిడ్ టిల్మన్ ఈ ఆలోచనను మంచినీటి డయాటమ్‌ల మీద పరీక్షిస్తూ వచ్చారు. మనం కూడా ఆయన వాడిన జతనే తీసుకుందాం: ఆస్టీరియోనెల్లా ఫార్మోసా, సైక్లోటెల్లా మెనెఘీనియానా. వనరు సిలికేట్. డయాటమ్ గోడ కట్టుకోవాలంటే అది లేకుండా కుదరదు.

కావాల్సినవి

- రెండు జాతుల శుద్ధ కల్చర్లు. వీటిని కలిపి పెంచినా మైక్రోస్కోప్‌లో తేలిగ్గా వేరుపడతాయి: ఒకటి నక్షత్రంలా విచ్చుకున్న కాలనీ, రెండోది గుండ్రని డబ్బాలా ఉండే కణం.
- సిలికేట్ తగ్గించి చేసిన డబ్ల్యూసీ మీడియం. మామూలుగా అందులో లీటరుకు 100 మైక్రోమోల్ సిలికేట్, 50 మైక్రోమోల్ ఫాస్ఫేట్ ఉంటాయి. సిలికేట్‌ను 20కి దించండి, మిగతావి అలాగే ఉంచండి.
- పాలీకార్బనేట్ లేదా పాలీప్రొపిలీన్ సీసాలు. గాజువి వద్దు.
- ఉష్ణోగ్రత, వెలుతురు మారని చోటు. 20 డిగ్రీలు బాగుంటుంది.
- హీమోసైటోమీటర్, మైక్రోస్కోప్, స్పెక్ట్రోఫోటోమీటర్, సిలికేట్ కొలిచే మాలిబ్డేట్ రసాయనాలు.

గాజు వద్దని ఊరికే అనలేదు. మొదటిసారి చేసినప్పుడు నేను మామూలు గాజు ఫ్లాస్కుల్లో పెట్టాను. రెండు వారాలైనా సిలికేట్ ఒక స్థాయి దగ్గరే ఆగిపోయింది, రెండు జాతులకూ దాదాపు ఒకే అంకె వచ్చింది. రెండింటి R* సమానమని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను కూడా. తర్వాత కణాలేమీ వేయకుండా ఉత్త మీడియం పోసి పెట్టిన ఫ్లాస్కును కొలిస్తే, అందులో సిలికేట్ రోజురోజుకీ పెరుగుతోంది. గాజులోంచి సిలికా కరిగి నీటిలోకి వస్తోందన్నమాట. వడపోతకు గాజు నార ఫిల్టర్ వాడినా ఇదే జరుగుతుంది కాబట్టి సెల్యులోజ్ లేదా పాలీకార్బనేట్ మెంబ్రేన్ ఫిల్టరే వాడండి. కణాలు లేని ఒక సీసాను చివరిదాకా పక్కన ఉంచండి. దానిలో సిలికేట్ మారకూడదు.

1. కొరత నిజంగా ఆ వనరుదేనా అని చూడండి

ప్రతి జాతినీ విడిగా, పెరుగుదల ఆగేదాకా పెంచండి. ఆగిన కల్చర్‌ను మూడు భాగాలు చేయండి. ఒకదానిలో కొంచెం సిలికేట్ కలపండి, రెండోదానిలో ఫాస్ఫేట్, మూడోదాన్ని అలాగే వదలండి. సిలికేట్ కలిపినదే మళ్లీ పెరగాలి. ఫాస్ఫేట్ కలిపినది లేస్తే మీ మీడియంలో కొరత వేరేదాని వల్ల వచ్చింది, ఆ స్థితిలో ముందుకెళితే వచ్చేది సిలికేట్ R* కాదు. రెండూ లేవకపోతే వెలుతురో, సూక్ష్మ ధాతువులో, విటమిన్లో అనుమానించండి. ఈ పరీక్ష రెండు జాతులకూ చేయాలి. ఒకదానికి సిలికేట్, రెండోదానికి ఇంకేదో కొరత అయితే కింది లెక్క పనికిరాదు.

2. నష్టం రేటును నిర్ణయించి, సరిగ్గా లెక్కగట్టండి

R* ఒక జాతికి పుట్టుకతో వచ్చే స్థిరాంకం కాదు. కణాలు ఎంత వేగంగా పోతున్నాయో దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి నష్టం రేటు D ఎంతో చెప్పకుండా ఇచ్చిన R* ని దేనితోనూ పోల్చలేం.

పంపు ఉన్న కెమోస్టాట్ అయితే లెక్క తేలిక. గంటకు పోసే మీడియాన్ని సీసాలోని కల్చర్ పరిమాణంతో భాగిస్తే D వస్తుంది. పంపు లేకపోయినా దిగులు లేదు. 200 మి.లీ. కల్చర్ పెట్టుకుని, రోజూ ఒకే వేళకు బాగా కలిపి 40 మి.లీ. తీసేసి, 40 మి.లీ. కొత్త మీడియం పోయండి. కణాల్లో 80 శాతం మిగులుతాయి. ఇక్కడే చాలామంది D = 0.20 అని రాసేస్తారు. ఒక్కసారిగా తీసేస్తున్నాం కాబట్టి లెక్క ఇలా ఉంటుంది:

```
D = -ln(0.8) = 0.223 రోజుకు
```

తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, రోజూ సగం తీసేసే పద్ధతిలో అసలు రేటు 0.693 అయితే 0.5 అని రాసినట్టవుతుంది. ఇక కణాలు తమంతట తాము కూడా చనిపోతుంటే ఆ మరణాల రేటును D కి కలపాలి.

3. పెరుగుదల రేఖ నుంచి R* అంచనా వేయండి

సిలికేట్ 0.5 నుంచి 40 మైక్రోమోల్ దాకా ఎనిమిది స్థాయిల్లో మీడియం చేయండి. సగం స్థాయిలు 5 లోపే ఉండాలి, ఎందుకంటే రేఖ వంగేది అక్కడే. రెండు మూడు రోజులు సిలికేట్ కొరతలో ఉంచిన కణాలను చాలా కొద్దిగా వేయండి. మూడు నాలుగు రోజులు రోజూ లెక్కపెట్టి, కణాల సంఖ్య లాగరిథమ్‌ను రోజులకు ఎదురుగా గీస్తే ఆ గీత వాలే పెరుగుదల రేటు.

ఆస్టీరియోనెల్లా విషయంలో లెక్కపెట్టాల్సింది నక్షత్రాలను కాదు, వాటిలోని కణాలను. సిలికేట్ తగ్గేకొద్దీ ఒక్కో నక్షత్రంలో ఉండే కణాల సంఖ్య మారిపోవచ్చు. కాలనీలను లెక్కపెడితే కణాలు పెరుగుతున్నా పెరగనట్టు కనిపించే ప్రమాదం ఉంది.

వచ్చిన రేట్లను R సాఫ్ట్‌వేర్‌లో మోనో సమీకరణానికి సరిపెట్టండి. కింది కోడ్‌లో `S` అంటే సిలికేట్, `mu` అంటే పెరుగుదల రేటు:

```r
fit <- nls(mu ~ mumax * S / (K + S), data = d,
           start = list(mumax = 1, K = 2))
p <- coef(fit)
D <- 0.223
Rstar <- p["K"] * D / (p["mumax"] - D)
```

`mumax` అంటే వనరు పుష్కలంగా ఉన్నప్పటి వేగం, `K` అంటే ఆ వేగంలో సగం వచ్చే చోట ఉన్న సిలికేట్ స్థాయి. `mumax` కంటే D ఎక్కువైతే జవాబు రుణసంఖ్య వస్తుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు, ఆ నష్టం రేటు దగ్గర ఆ జాతి కొట్టుకుపోతుందని దాని అర్థం. డయాటమ్‌ల రేఖ కొన్నిసార్లు సున్నా దగ్గర కాకుండా కొంచెం పైన మొదలవుతుంది, అంటే కొంత సిలికేట్‌ను కణాలు అసలు తీసుకోలేవు. గ్రాఫ్‌లో అలా కనబడితే సమీకరణంలో `S` బదులు `(S - S0)` పెట్టి, చివరి R* కి `S0` కలపండి.

ఇదే పని ఫాస్ఫేట్‌తో చేస్తే ఒక చిక్కుంది. కణాలు ఫాస్ఫేట్‌ను లోపల దాచుకుంటాయి. బయట ఏమీ లేకపోయినా దాచుకున్నదానితో కొన్ని రోజులు పెరుగుతాయి, మీరేమో అవి తక్కువ ఫాస్ఫేట్‌లో బాగా పెరుగుతున్నాయనుకుంటారు. అలాంటప్పుడు ఈ అడుగును నమ్మకుండా నేరుగా నాలుగో అడుగుకు వెళ్లండి.

4. R* ని నేరుగా కొలవండి

ప్రతి జాతినీ ఒంటరిగా, రెండో అడుగులో చెప్పినట్టు రోజూ 40 మి.లీ. మారుస్తూ నడపండి. కణాల సంఖ్య, మిగిలిన సిలికేట్ రెండూ వరుసగా నాలుగైదు రోజులు కదలకుండా నిలబడాలి. అప్పుడు వడపోసి, వెంటనే సిలికేట్ కొలవండి. రెండు మూడు వారాలు పట్టడం మామూలే.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మన మీడియంలో ఫాస్ఫేట్ ఎక్కువ ఉంది, అది కూడా మాలిబ్డేట్‌తో రంగు ఇస్తుంది. పద్ధతిలో ఆక్సాలిక్ ఆమ్లం కలిపే అడుగు ఉండేది ఆ రంగును తీసేయడానికే. దాన్ని వదిలేస్తే సిలికేట్ లేనిచోట కూడా ఉన్నట్టు చూపిస్తుంది. R* ఒక మైక్రోమోల్ కంటే తక్కువ ఉండొచ్చు కాబట్టి స్టాండర్డ్‌లు కూడా 0.25, 0.5, 1, 2 అంటూ కింది నుంచి పెట్టుకోండి. 10, 20, 40 స్టాండర్డ్‌లతో గీసిన గీత మీద 0.6 చదవడం కుదరదు.

రోజుకోసారి మీడియం మార్చే పద్ధతిలో మరో సంగతి ఉంది. 20 మైక్రోమోల్ మీడియం 40 మి.లీ. పోయగానే సీసాలో సిలికేట్ 4 మైక్రోమోల్ పెరుగుతుంది, మర్నాటికి మళ్లీ కిందికి దిగుతుంది. మీడియం మార్చే ముందు తీసే అంకె ఆ రోజంతటిలో అతి తక్కువది, అసలు కెమోస్టాట్ R* కంటే కూడా తక్కువే. కాబట్టి రెండు జాతులనూ ఒకే వేళకు కొలిచి, వాటినే పరస్పరం పోల్చండి. పంపుతో వచ్చిన అంకెలతో కలపకండి.

ఇప్పుడు మీరు కొలిచింది నిజంగా R* యేనా అని తేల్చే పరీక్ష. నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. అదే జాతిని, అదే D దగ్గర, ఒక సీసాలో 10 మైక్రోమోల్ మీడియంతో, ఇంకో సీసాలో 40 మైక్రోమోల్ మీడియంతో నడపండి. కణాల సంఖ్య సుమారు నాలుగింతలు తేడా రావాలి. మిగిలిన సిలికేట్ మాత్రం రెండింటిలోనూ ఒకటే ఉండాలి. ఎక్కువ పోసినచోట ఎక్కువ మిగిలితే, కల్చర్ ఇంకా స్థిరపడలేదు, లేదా ఎక్కువ కణాలున్న సీసాలో వెలుతురు చాలక కొరత దానికి మారిపోయింది. పంపుతో కాకుండా రోజుకోసారి మార్చేవారికి ఈ రెండూ కాసింత తేడాగా రావచ్చు, ఎందుకంటే 40 మైక్రోమోల్ సీసాలో రోజువారీ ఊపు పెద్దది. అందువల్ల వీలైతే ఈ ఒక్క పరీక్షకైనా పంపు అరువు తెచ్చుకోండి.

5. పోల్చి, ఎవరు గెలుస్తారో రాయండి

ఇక్కడ కాసేపు డయాటమ్‌లను పక్కన పెట్టి, 1980లో హాన్సెన్, హబెల్ చేసిన బ్యాక్టీరియా ప్రయోగం అంకెలు చూపిస్తాను. మొదట అడిగిన ప్రశ్నకు అంతకంటే స్పష్టమైన జవాబు నాకు దొరకలేదు. ఈ. కోలై, సూడోమోనాస్ ఎరుజినోసా రెండూ ట్రిప్టోఫాన్ కోసం పోటీ పడ్డాయి. D గంటకు 0.06.

| | ఈ. కోలై | సూడోమోనాస్ |
|---|---|---|
| గరిష్ఠ వేగం, గంటకు | 0.81 | 0.91 |
| K, లీటరుకు మైక్రోగ్రాములు | 3.0 | 310 |
| R*, లీటరుకు మైక్రోగ్రాములు | 0.24 | 21.9 |

మొదటి వరుస చూస్తే సూడోమోనాస్ గెలవాలి. ఈ. కోలై R* లెక్క 3.0 × 0.06 ÷ (0.81 − 0.06) = 0.24. సూడోమోనాస్‌ది 310 × 0.06 ÷ (0.91 − 0.06) = 21.9. తేడా తొంభై రెట్లు. గెలిచింది ఈ. కోలై. కడుపు నిండా దొరికినప్పుడు ఎవరు వేగం అన్నది ఇక్కడ అక్కరకు రాలేదు, కొరతలో ఎవరు నిలబడ్డారన్నదే తేల్చింది.

అయితే K ఒక్కటే చూసినా పొరపాటే. అదే పరిశోధనలో రెండో ప్రయోగం రెండు ఈ. కోలై రకాల మధ్య. రెండింటికీ K 1.6 మైక్రోగ్రాములే, గరిష్ఠ వేగాలు మాత్రం 0.68, 0.96. D గంటకు 0.075 దగ్గర R* లు 0.198, 0.136 వస్తాయి. ఈసారి వేగంగా పెరిగేదే గెలిచింది. మూడో ప్రయోగంలో ఒక యాంటీబయోటిక్ కొద్దిగా కలిపి రెండు రకాల R* లనూ సమానం చేశారు, రెండూ కలిసి బతికాయి.

D మారితే గెలుపు తారుమారవుతుందా అని కూడా ఇక్కడే లెక్క వేసుకోండి. పై పట్టికలోని జంటకు నేను వేస్తే, D 0.809 దాకా ఈ. కోలై R* యే తక్కువ. అంటే ఈ. కోలై తానే కొట్టుకుపోయే అంచుకు వచ్చేదాకా సూడోమోనాస్ వేగానికి విలువ రాదు. మీ జంటకు రెండు రేఖలు మధ్యలోనే కలుసుకోవచ్చు. అలా కలిసే చోటికి దగ్గర్లో D పెట్టుకుంటే ఫలితం ఎటూ తేలదు.

రాసే ముందు R* లకు దోష పరిధి కూడా చూడండి. కనీసం మూడేసి సీసాలు నడపండి. రెండు పరిధులు ఒకదాని మీద ఒకటి పడితే "తేల్చలేం" అని రాయడమే నిజాయితీ.

6. ఎన్నాళ్లు నడపాలో ముందే లెక్క వేయండి

నాకు కనబడే వాటిలో ఎక్కువసార్లు జరిగే తప్పు ప్రయోగాన్ని త్వరగా ఆపేయడం. వారం చూసి, రెండూ ఉన్నాయి కాబట్టి కలిసి బతుకుతున్నాయని రాసేస్తారు. ఓడే జాతి ఎంత వేగంగా తగ్గాలో లెక్క కట్టవచ్చు: గెలిచేదాని R* దగ్గర ఓడేదాని పెరుగుదల రేటు తీసి, దాన్ని D లోంచి తీసేయండి.

మొదటి జంటలో 0.24 మైక్రోగ్రాముల దగ్గర సూడోమోనాస్ పెరుగుదల గంటకు 0.0007 మాత్రమే. కాబట్టి అది గంటకు 0.059 చొప్పున తగ్గుతుంది, పదో వంతుకు పడిపోవడానికి సుమారు 39 గంటలు. రెండో జంటలో ఓడేది గంటకు 0.022 చొప్పునే తగ్గుతుంది, అదే పదో వంతుకు 105 గంటలు పడుతుంది. R* లు దగ్గరయ్యేకొద్దీ ఈ కాలం సాగుతూ పోతుంది. నెమ్మదిగా పెరిగే డయాటమ్‌లకు ఇది గంటల్లో కాదు, వారాల్లో వస్తుంది. ఓడేది కనీసం వందో వంతుకు చేరడానికి పట్టే కాలం వేసుకుని, అంతదాకా నడపండి.

7. రెండు వైపుల నుంచీ దూర్చి చూడండి

రెండింటినీ సగం సగం వేసి చూడటం కంటే ఇది గట్టి పరీక్ష. గెలుస్తుందని మీరు రాసిన జాతి స్థిరపడిన సీసాలో రెండోదాన్ని ఒక శాతం వేయండి. అది తగ్గాలి, ఆరో అడుగులో లెక్కగట్టిన వేగంతోనే తగ్గాలి. వేరే సీసాలో తిప్పి చేయండి: ఓడేది స్థిరపడినచోట గెలిచేదాన్ని ఒక శాతం వేయండి. అది పెరగాలి, మిగిలిన సిలికేట్ ఓడేదాని R* నుంచి గెలిచేదాని R* కి దిగాలి. కణాల లెక్కతోపాటు సిలికేట్ కూడా కొలవమనేది అందుకే. సిలికేట్ దిగకుండానే ఒక జాతి మాయమైతే, దాన్ని పంపింది వనరు కొరత కాదు. ఏదో విషపదార్థం విడుదలవుతోందనో, గోడలకు అంటుకుంటోందనో, సీసాలోకి వాటిని తినే ప్రోటోజోవా చేరిందనో వెతకండి. చివరిది మైక్రోస్కోప్‌లో ఇట్టే కనిపిస్తుంది.

రెండు వైపులా దూర్చినది పెరిగితే కలిసి బతకడమే అనుకోవాలి. అప్పుడు ఒకటో అడుగుకు తిరిగి వెళ్లండి. చాలావరకు ఇద్దరికీ కొరత ఒకే వనరుది కాదని తేలుతుంది.

రెండు వనరులుంటే

మన డయాటమ్‌ల జత దీనికి చక్కని ఉదాహరణ. సిలికేట్‌కు K ఆస్టీరియోనెల్లాలో 3.94 మైక్రోమోల్, సైక్లోటెల్లాలో 1.44. ఫాస్ఫేట్ దగ్గర తిరగబడుతుంది: 0.04, 0.25. సిలికేట్ ఇద్దరికీ కొరతైతే సైక్లోటెల్లా, ఫాస్ఫేట్ ఇద్దరికీ కొరతైతే ఆస్టీరియోనెల్లా గెలుస్తుంది. గీత ఎక్కడ గీయాలో తెలియడానికి ప్రతి జాతికీ సిలికేట్ K ని ఫాస్ఫేట్ K తో భాగించండి. ఆస్టీరియోనెల్లాకు సుమారు 98, సైక్లోటెల్లాకు 6 వస్తాయి. మీరు పోసే మీడియంలో సిలికేట్, ఫాస్ఫేట్ నిష్పత్తి 98 దాటితే ఇద్దరికీ ఫాస్ఫేటే కొరత, 6 కంటే తక్కువైతే ఇద్దరికీ సిలికేటే కొరత. మధ్యలో ఆస్టీరియోనెల్లాను సిలికేట్, సైక్లోటెల్లాను ఫాస్ఫేట్ ఆపుతాయి, రెండూ నిలుస్తాయి. టిల్మన్ 1977లో ప్రచురించిన పోటీ ప్రయోగాలు ఈ గీతలకు చాలావరకు సరిపోయాయి. గరిష్ఠ వేగాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే K లతో ఈ అడ్డదారి లెక్క పనిచేస్తుంది, లేదంటే నాలుగు R* లూ విడివిడిగా కొలవాల్సిందే.

మన పనికి వాడిన మీడియంలో 20 సిలికేట్, 50 ఫాస్ఫేట్ ఉన్నాయి, నిష్పత్తి 0.4. సిలికేట్ పోటీకి అది 6 కంటే చాలా కింద ఉంది. అదే మామూలు డబ్ల్యూసీలో ఫాస్ఫేట్‌ను ఒక మైక్రోమోల్‌కు దించి సిలికేట్ 100 ఉంచితే, నిష్పత్తి సరిగ్గా గీత మీదకు వస్తుంది. ఆ మీడియంతో మొదలుపెట్టి ఫలితం నిలకడగా రావడం లేదని అడిగినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఫాస్ఫేట్ పోటీ చూడాలనుకుంటే సిలికేట్ 100 ఉంచి, ఫాస్ఫేట్‌ను 0.5కి దించండి.